హార్ట్ ఫెయిల్యూర్ కాన్సెప్ట్ మ్యాప్: ప్రతి బాణం మీద కారణం రాస్తూ గీసే పద్ధతి

నర్సింగ్ విద్యార్థుల కేస్ ఫైళ్లలో హార్ట్ ఫెయిల్యూర్ మ్యాప్‌లు చాలావరకు ఒకేలా ఉంటాయి. నడుమ గుండె బొమ్మ, చుట్టూ ఆయాసం, కాళ్ల వాపు, నీరసం అని డబ్బాలు, నడుమ నుంచి ప్రతి డబ్బాకూ ఒక గీత. ఇది జాబితాను గుండ్రంగా రాయడమే అవుతుంది. ఆయాసానికీ కాళ్ల వాపుకీ మధ్య ఉన్న సంబంధం అందులో కనపడదు. లాసిక్స్ ఇస్తే రెండూ ఎందుకు తగ్గుతాయో, అదే లాసిక్స్ వల్ల మర్నాడు పిక్కలు ఎందుకు పట్టేస్తాయో కూడా కనపడదు.

ఈ మార్గదర్శిలో చెప్పే పద్ధతికి నియమాలు రెండే. ఒకటి, ప్రతి బాణం మీద 'ఎందుకు' అన్నది నాలుగు మాటల్లో రాయాలి. రెండు, నర్సు చేసే పనిని లక్షణం ఉన్న డబ్బాకు కాకుండా, ఆ పని ఏ బాణాన్ని తెంపుతుందో ఆ బాణానికే తగిలించాలి. ఈ రెండూ పాటిస్తే ప్రయారిటీల వరుస, ఆశించే ఫలితాలు విడిగా బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు. మ్యాప్ చూస్తూనే చెప్పేయొచ్చు.

ముందు కేసు

పాఠం కోసం కూర్చిన కేసు ఇది. గుంటూరు, విజయవాడ మెడికల్ వార్డుల్లో పనిచేసేవాళ్లకు కొత్తేమీ కాదు.

58 ఏళ్ల మనిషి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసేవాడు. రెండేళ్ల క్రితం గుండెపోటు వచ్చాక బరువులు మానేసి కాటా దగ్గర పని చూసుకుంటున్నాడు. తెల్లవారుజామున మూడింటికి ఆయాసంతో క్యాజువాలిటీకి తెచ్చారు. పడుకుంటే ఊపిరాడటం లేదు, నాలుగు రోజులుగా మూడు దిండ్లు పెట్టుకుని నిద్రపోతున్నాడు. నాడి నిమిషానికి 112, బీపీ 150/90, శ్వాస నిమిషానికి 30, ఆక్సిజన్ పెట్టకముందు శాచురేషన్ 86 శాతం. ఊపిరితిత్తుల కింది సగంలో రెండు వైపులా క్రాకిల్స్ వినిపిస్తున్నాయి. మెడ నరం ఉబ్బి ఉంది. మోకాళ్ల దాకా వాపు, వేలితో నొక్కితే గుంట పడుతోంది. చేతులు వెచ్చగానే ఉన్నాయి, మనిషి స్పృహలో ఉండి సరిగ్గా సమాధానాలు చెబుతున్నాడు. బరువు 71 కిలోలు, పాత ఓపీ చీటీలో 66. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం. సోడియం 131, పొటాషియం 3.6, క్రియాటినిన్ 1.5.

ఆయన భార్య చెప్పిన మాటల్లో రెండు ముఖ్యం. "మోకాళ్ల నొప్పులని పది రోజులుగా మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చి వేసుకుంటున్నాడు సిస్టర్. కొత్తావకాయ పెట్టాక వేరే కూర ముట్టట్లేదు." చాలామంది ఇవి హిస్టరీ పేజీలో రాసి వదిలేస్తారు. మ్యాప్‌లో వీటికి చోటు దొరక్కపోతే ఆ మ్యాప్ అసంపూర్ణమే.

మొదటి అడుగు: నడుమ ఏం రాయాలి

ఏ3 సైజు కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. పెన్సిల్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే రెండో రోజు కొన్ని గీతలు మార్చాల్సి వస్తుంది. మూడు రంగులు చాలు: శరీరంలో జరిగేదానికి నలుపు, రోగిలో మీరు చూసినదానికీ కొలిచినదానికీ నీలం, నర్సు చేసే పనికి ఆకుపచ్చ.

నడుమ 'హార్ట్ ఫెయిల్యూర్' అని రాయకండి. అది రోగం పేరే, దాన్నుంచి ఏ బాణమూ సూటిగా బయలుదేరదు. ఈ రోగి గుండెలో చెడింది ఏమిటో రాయండి: 'గుండెపోటుతో ఎడమ జఠరిక కండరం దెబ్బతింది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం'. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ప్రతి కొట్టుకోవడానికీ ఎంత వంతు బయటికి వెళ్తుందో చెప్పే లెక్క అది. 40 శాతం లేదా అంతకన్నా తక్కువైతే పంపింగ్ బలహీనపడిన రకం. 50 లేదా అంతకన్నా ఎక్కువ ఉండి కూడా ఫెయిల్యూర్ రావచ్చు. అప్పుడు గుండె గట్టిపడి సరిగ్గా సడలదు కాబట్టి నడుమ డబ్బాలో మాటలు మారతాయి. అందుకే ఎకో రిపోర్టు చూడకుండా మ్యాప్ మొదలుపెట్టొద్దు.

రెండో అడుగు: ముందుకొకటి, వెనక్కొకటి

నడుమ డబ్బా నుంచి రెండు నల్ల బాణాలు గీయండి. కుడివైపుకు గీసినది ముందు దారి, అంటే శరీరానికి రక్తం తక్కువగా వెళ్లడం. ఎడమవైపుకు గీసినది వెనక దారి, అంటే బయటికి పోని రక్తం వెనక పేరుకోవడం.

ప్రకాశం బ్యారేజీ గేట్లు సరిగ్గా ఎత్తకపోతే ఎగువన నీళ్లు పెరుగుతాయి, దిగువన తగ్గుతాయి. ఒక్క లోపంతో రెండు చోట్లా ఇబ్బందే. ఎడమ జఠరికలోనూ ఇంతే. అయితే ఈ పోలిక ఒకచోట ఆగిపోతుంది. బ్యారేజీ దిగువన నీళ్లు తగ్గాయని ఎగువన వరద పుట్టదు. శరీరంలో మాత్రం దిగువ కొరతే ఎగువ వరదను పెంచుతుంది. మూడో అడుగంతా దాని గురించే.

ముందు వెనక దారిని పూర్తి చేయండి. ఇలా సాగుతుంది:

ఎడమ జఠరిక ఖాళీ కాదు → ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరుగుతుంది → ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది → నీరు గాలి గదుల్లోకి ఊరుతుంది → ఆక్సిజన్ రక్తంలోకి చేరే దారి మందమవుతుంది

చివరి రెండు బాణాల దగ్గర నీలం రంగుతో క్రాకిల్స్, శాచురేషన్ 86, శ్వాస 30 రాయండి. మూడు దిండ్లను ఎక్కడ పెట్టాలన్నది చాలామందికి తేలదు. పడుకున్నప్పుడు కాళ్లలోనూ పొట్టలోనూ ఉన్న రక్తం గుండె వైపు ఎక్కువగా వస్తుంది, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కాబట్టి 'మూడు దిండ్లు' అన్న డబ్బాకు వచ్చే బాణం మీద 'పడుకుంటే గుండెకు తిరిగొచ్చే రక్తం ఎక్కువ' అని రాయాలి. ఈ మాటలు ఇప్పుడు రాస్తే, కూర్చోబెట్టడం ఎందుకు చికిత్స అవుతుందో ఐదో అడుగులో చెప్పక్కర్లేదు.

వెనక దారి ఊపిరితిత్తులతో ఆగదు. అక్కడి ఒత్తిడికి ఎదురుగా పంపు చేసీ చేసీ కుడి జఠరిక అలసిపోతుంది. ఆ తర్వాత మెడ నరం ఉబ్బడం, కాళ్ల వాపు. ఈ రోగిలో ఎడమ, కుడి రెండు వైపుల గుర్తులూ ఉన్నాయి కాబట్టి రెండు వేర్వేరు మ్యాప్‌లు గీయకుండా ఒకే గొలుసుగా చూపండి. ఎక్కువ రోజులు మంచం మీదే ఉన్న రోగికైతే వాపు పాదాల్లో కాకుండా నడుం కింద, వీపు అడుగున చేరుతుంది. కాళ్లు మాత్రమే చూసి వాపు లేదని రాసేస్తే తప్పు.

మూడో అడుగు: చక్రం గీయడం

మ్యాప్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. తొందరపడకండి.

ముందు దారిలో మూత్రపిండాలకు వెళ్లే రక్తం తగ్గుతుంది. గుండె చెడిందని మూత్రపిండానికి తెలియదు. ఒంట్లో రక్తమే తక్కువైందనుకుని రెనిన్ వదులుతుంది. దాన్నుంచి యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ వస్తాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పూ నీరూ మూత్రంలో పోకుండా ఆగిపోతాయి. మరోపక్క సింపథటిక్ నరాలు గుండెను వేగంగా కొట్టుకోమంటాయి. మెదడు నుంచి వచ్చే ఏడీహెచ్ నీటిని ఇంకా పట్టి ఉంచుతుంది.

ఈ మూడింటి నుంచి బాణాలు గీసి, వాటిని వెనక్కి వంచి నడుమ డబ్బాలోకే తీసుకురండి. ఆగిన నీరు, బిగిసిన నాళాలు ఆ బలహీనమైన జఠరిక మీదే ఇంకా భారం వేస్తాయి. చక్రం పూర్తయింది. తిరిగొచ్చే ఈ బాణం లేని హార్ట్ ఫెయిల్యూర్ మ్యాప్‌ను నేనైతే ఒప్పుకోను. రోగి రోజురోజుకూ ఎందుకు దిగజారాడో చెప్పేది ఆ ఒక్క బాణమే.

ఇప్పుడు నీలం రంగు వివరాలు పెట్టండి. నాడి 112 సింపథటిక్ దగ్గర. క్రియాటినిన్ 1.5 మూత్రపిండం దగ్గర. 71 కిలోల బరువు 'ఉప్పూ నీరూ ఆగాయి' దగ్గర. ఒక కిలో అంటే సుమారు ఒక లీటరు నీరు, కాబట్టి ఈయన ఒంట్లో అదనంగా చేరింది దాదాపు ఐదు లీటర్లు.

సోడియం 131 దగ్గర ఆగి ఆలోచించండి. అది తక్కువగా ఉందని చూసి 'ఉప్పు తగ్గింది' అని రాసి, ఆహారంలో ఉప్పు పెంచమనే విద్యార్థులు ఉంటారు. ఈ రోగి ఒంట్లో ఉప్పు ఎక్కువే ఉంది, నీరు అంతకన్నా ఎక్కువుంది కాబట్టి పలచబడి అంకె తగ్గింది. బాణం ఏడీహెచ్ నుంచి రావాలి, దాని మీద 'నీరు ఎక్కువై పలచబడింది' అని రాయాలి. దిద్దాల్సింది నీటినే.

ఇక భార్య చెప్పిన రెండు మాటలు. నొప్పి బిళ్లలు మూత్రపిండానికి రక్తం అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి, దానివల్ల ఉప్పు ఇంకా ఆగుతుంది. ఆవకాయ నుంచి ఉప్పు నేరుగా వస్తుంది. రెండు బాణాలూ వచ్చి చేరేది ఒకే డబ్బాకు: 'ఉప్పూ నీరూ ఆగాయి'. రెండేళ్లుగా నెట్టుకొచ్చిన గుండె ఈ పది రోజుల్లోనే ఎందుకు చేతులెత్తేసిందో ఇప్పుడు కాగితం మీద కనపడుతుంది.

నాలుగో అడుగు: ప్రయారిటీలు ఎలా తేలతాయి

ఈ కేసులో ముగ్గురు పోటీదారులు: ఆక్సిజన్ మార్పిడి దెబ్బతినడం, ఒంట్లో నీరు ఎక్కువవడం, గుండె పంపు చేసే రక్తం తగ్గడం. రోగం గుండెది కాబట్టి మూడోదే మొదట రాయాలని చాలామంది వాదిస్తారు. నిర్ణయించాల్సింది నీలం రంగు వివరాలను బట్టి.

ముందు దారి గుర్తులు చూడండి. బీపీ 150/90, చేతులు వెచ్చగా ఉన్నాయి, తెలివి సరిగ్గా ఉంది. అంటే ప్రస్తుతానికి అవయవాలకు రక్తం అందుతోంది. వెనక దారి గుర్తులు చూడండి. శాచురేషన్ 86, ఊపిరితిత్తులు సగం నిండాయి. కాబట్టి మొదటిది ఆక్సిజన్ మార్పిడి, రెండోది అధిక నీరు, మూడోది పంపింగ్ తగ్గడం. అదే మనిషి చేతులు చల్లబడి, పై బీపీ 90 కిందికి దిగి, మాట తడబడుతూ ఉంటే వరుస మారిపోతుంది. అప్పుడు పంపింగ్ ముందుకొస్తుంది, ఇష్టం వచ్చినట్టు నీరు లాగేయడం ప్రమాదమవుతుంది. కాబట్టి ప్రయారిటీ పక్కన అంకె వేసి ఊరుకోకుండా, ఆ అంకె ఎందుకు వేశారో చెప్పే నీలం వివరం కూడా రాయండి.

పని చేస్తే అలసిపోవడం, ఇంటి దగ్గర జాగ్రత్తలు తెలియకపోవడం కూడా ప్రయారిటీలే. కాకపోతే మొదటి రాత్రి వాటికి కాగితం అంచున చోటు ఉంచితే చాలు.

ఐదో అడుగు: ఆకుపచ్చ రంగు

ఇప్పుడు ప్రతి పనినీ అది తెంపే బాణం మీద అడ్డంగా రాయండి.

రోగిని నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడనివ్వడం 'గుండెకు తిరిగొచ్చే రక్తం ఎక్కువ' అన్న బాణాన్ని తెంపుతుంది. దీనికి ఆర్డర్ అక్కర్లేదు, అర నిమిషంలో అయిపోతుంది, ఆక్సిజన్ సిలిండర్ వచ్చేలోపే చేయొచ్చు. ఆక్సిజన్ చివరి బాణం మీద వస్తుంది. అది నీటిని తీయదు, నీరు పోయేదాకా ఆదుకుంటుంది అంతే. అందుకే ఆక్సిజన్ పెట్టాక అంకె పెరిగితే ఊపిరితిత్తులు బాగుపడ్డాయని అనుకోకూడదు.

డాక్టర్ రాసిన ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములు, అంటే వార్డు భాషలో లాసిక్స్, 'ఉప్పూ నీరూ ఆగాయి' అన్న డబ్బా నుంచి బయటికి దారి తెరుస్తుంది. నరంలోకి ఇస్తే ఐదు నిమిషాల్లో పని మొదలవుతుంది. కాబట్టి ఇంజెక్షన్‌కు ముందే యూరిన్ పాట్ మంచం పక్కన ఉండాలి. ఆయాసంతో ఉన్న మనిషిని బాత్రూముకు నడిపించకూడదు. ఈ పక్కనే బీపీ చూడటం, పొటాషియం చూడటం రాయండి, ఎందుకో రెండో రోజు తెలుస్తుంది. నొప్పి బిళ్లలు వాడుతున్న సంగతి డాక్టర్‌కు చెప్పి ఆపించడం కూడా ఆకుపచ్చ పనే. అది వచ్చేది నొప్పి బిళ్లల బాణం మీద.

ఏ బాణానికీ తగలని పని మిగిలిపోతే, దాన్ని అలవాటుకొద్దీ రాశారో లేదో ఒకసారి చూసుకోండి. 'వైటల్స్ చూడాలి' అన్నది అలాంటిదే. ఏ వైటల్, ఏ మార్పు కోసం అని రాస్తేనే దానికి ఒక బాణం దొరుకుతుంది.

ఆరో అడుగు: ఆశించే ఫలితాలు

ఫలితాన్ని కొత్తగా పుట్టించకండి. నీలం డబ్బాలో ఉన్న కొలతనే తీసుకుని, అది ఎక్కడికి రావాలి, ఎప్పటికి రావాలి అని రాయండి. 'రోగికి ఆయాసం తగ్గుతుంది' అన్నదాన్ని రేపు ఎవరూ సరిచూడలేరు.

ఆక్సిజన్ మార్పిడికి: గంటలో శాచురేషన్ 92 దాటాలి, నాలుగు గంటల్లో శ్వాస 24 కిందికి రావాలి, 24 గంటల్లో క్రాకిల్స్ వినపడే ఎత్తు తగ్గాలి, మూడో రోజుకు ఒక దిండుతో పడుకోగలగాలి. శాచురేషన్ రాసినప్పుడల్లా ఎన్ని లీటర్ల ఆక్సిజన్ మీద అన్నది కూడా రాయాలి. అది లేకుండా 95 అని రాస్తే, రోగి బాగుపడ్డాడో ఫ్లో పెంచారో తెలియదు.

అధిక నీటికి: మొదటి ఆరు గంటల్లో మూత్రం గంటకు కనీసం 100 మిల్లీలీటర్లు రావాలి. రాకపోతే తెల్లారే రౌండ్స్ దాకా ఆగకుండా డాక్టర్‌కు చెప్పాలి, డోసు చాలడం లేదని అర్థం. మొదటి 24 గంటల్లో బరువు ఒకటి నుంచి రెండు కిలోలు తగ్గాలి, ఆ తర్వాత రోజుకు అర కిలో నుంచి కిలో చొప్పున 66 కిలోల వైపు రావాలి.

ఆ లెక్క నమ్మదగినదో కాదో తెలుసుకునే మార్గం మ్యాప్‌లోనే ఉంది. మర్నాటి ఉదయం చార్టులో తాగింది 1,200, పోసింది 3,300 అని ఉంటే లోటు 2,100 మిల్లీలీటర్లు. బరువు కూడా రెండు కిలోల చుట్టుపక్కల తగ్గి 69 దగ్గర ఉండాలి. చార్టు ప్రకారం రెండు లీటర్లు పోయి, బరువు మాత్రం 71 దగ్గరే ఉంటే, ఇంటివాళ్లు ఇచ్చిన మజ్జిగో కొబ్బరి నీళ్లో లెక్కలోకి రాలేదేమో అడగాలి, లేదా బరువు వేరే త్రాసు మీద చూశారేమో కనుక్కోవాలి. రోజూ ఒకే త్రాసు, ఒకే వేళ, ఉదయం మూత్రం పోశాక, టిఫిన్‌కు ముందు చూడాలి.

ఏడో అడుగు: మర్నాడు మళ్లీ పెన్సిల్ పట్టడం

రెండో రోజు ఉదయం. బరువు 69, ఆక్సిజన్ తీసేసినా శాచురేషన్ 94, క్రాకిల్స్ అడుగున మాత్రమే. మొదటి ప్రయారిటీ చాలావరకు తీరింది. కానీ రోగి పిక్కలు పట్టేస్తున్నాయంటున్నాడు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. బీపీ 104/70, పొటాషియం 3.1.

పాత మ్యాప్‌లో ఈ వివరాలకు చోటు లేదు. కొత్త కొమ్మ గీయాలి, అది మొదలయ్యేది మన ఆకుపచ్చ రంగు దగ్గరే:

ఫ్యూరోసెమైడ్ → మూత్రంలో పొటాషియం కూడా పోతుంది → కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పే ప్రమాదం
ఫ్యూరోసెమైడ్ → రక్తనాళాల్లో నీరు త్వరగా తగ్గింది → నిలబడితే బీపీ పడుతుంది → పడిపోయే ప్రమాదం

ప్రయారిటీల వరుస మారింది. ఇప్పుడు తదుపరి డోసు ఇచ్చే ముందు ఈ అంకెలు డాక్టర్‌కు చెప్పడం, పొటాషియం ఆర్డర్ వస్తే ఇవ్వడం, ఈసీజీ గమనించడం, లేపేటప్పుడు ముందు మంచం అంచున కాసేపు కూర్చోబెట్టడం ముందుకొస్తాయి. డిగాక్సిన్ కూడా వాడుతున్న రోగికైతే ఈ కొమ్మ మీద ఎర్ర గుర్తు పెట్టండి. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషమయ్యే అవకాశం పెరుగుతుంది, వాంతులు, చూపు పసుపుపచ్చగా కనపడటం, నాడి నెమ్మదించడం దాని గుర్తులు.

ఎనిమిదో అడుగు: ఇంటి వైపు బాణాలు

అంచున వదిలేసిన ప్రయారిటీకి ఇప్పుడు సమయం వచ్చింది. నేర్పాల్సిన విషయాలను పాఠ్యపుస్తకం నుంచి ఎత్తి రాయకుండా, ఈ రోగిని ఆసుపత్రికి తెచ్చిన బాణాల నుంచే తీసుకోండి. అవి రెండు: ఉప్పు, నొప్పి బిళ్లలు.

"పచ్చడి లేకపోతే ఆయనకు ముద్ద దిగదమ్మా" అంటుంది భార్య. 'ఉప్పు తగ్గించాలి' అని చెప్పి పంపితే ఆమె కూరలో ఉప్పు తగ్గిస్తుంది, జాడీ మాత్రం భోజనాల దగ్గరే ఉంటుంది. అందుకని పేరుపేరునా అడగండి: ఆవకాయ, నిల్వ గోంగూర, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు. రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు, అందులో పచ్చడి ఉప్పు కూడా కలిసే ఉంటుంది. నిల్వ గోంగూర బదులు ఆ పూటకు చేసిన గోంగూర పప్పు, నిమ్మరసం పిండిన కూర సూచించవచ్చు. షాపుల్లో దొరికే లో సోడియం ఉప్పు మాత్రం డాక్టర్‌ను అడగకుండా వాడొద్దని చెప్పండి. అందులో పొటాషియం ఉంటుంది. ఎనాలప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులతో అది కలిస్తే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు.

దీనికీ కొలవగలిగే ఫలితం ఉండాలి. 'రోగికి అర్థమైంది' అని రాయొద్దు. ఆయన నోటితోనే చెప్పించండి. "బాబాయ్ గారూ, ఇంటికెళ్లాక బరువు ఎప్పుడు చూసుకుంటారు? ఎంత పెరిగితే మా దగ్గరికొస్తారు?" మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే, పాదాలు మళ్లీ వాస్తే, లేదా దిండ్లు పెంచాల్సి వస్తే ఆయాసం ముదిరేదాకా ఆగకుండా వస్తానని ఆయన చెప్పగలగాలి. మోకాళ్లు నొప్పెడితే షాపుకు వెళ్లకుండా ముందు డాక్టర్‌ను అడుగుతానని కూడా చెప్పగలగాలి. ఇంట్లో త్రాసు ఉందో లేదో అప్పుడే అడగండి. లేకపోతే వీధిలో ఎక్కడ చూసుకోగలరో కనుక్కుని, ఆ చోటునే మ్యాప్‌లో రాయండి.